డిపోలో ఏది ఆగాలి, ఏది ఆగకూడదు: బరంపురం గోడౌన్ నుంచి పన్నెండు షాపుల దాకా

మాది ఎలక్ట్రికల్ సామాను పంపిణీ. పెద్ద గోడౌన్ బరంపురంలో. పర్లాకిమిడి, రాయగడ, జయపురంలలో ఒక్కో డిపో. ఒక్కో డిపో కింద నాలుగేసి షాపులు: గుణుపురం, మునిగుడ, కాశీనగర్, కోరాపుట్, ఇలాంటి ఊళ్లలో. మొత్తం పన్నెండు షాపులు. సరుకు ఎక్కువై గోడౌన్లు నిండిపోయాయి, షాపులో మాత్రం అడిగింది లేదు. ఇదీ మా జబ్బు. దీన్ని సరిచేయడానికి పట్టిన పదిహేను వారాల డైరీ ఇది. నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండాలనే తప్పుల దగ్గర ఎక్కువసేపు ఆగాను.

రెండు వస్తువుల కథే చెబుతాను. ఒకటి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు, రోజూ అమ్ముడయ్యేది. రెండోది ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు, షాపులో ఇరవై రోజులకు ఒకటి పోయేది.

దశ 1: కొలతలు (వారం 1 నుంచి 4)

పాత నియమం ఒక్కటే: ఎక్కడైనా పదిహేను రోజుల సరుకు ఉండాలి. షాపులో పదిహేను, డిపోలో పదిహేను, బరంపురంలో పదిహేను. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. పన్నెండు షాపులు కలిపి రోజుకు 120 బల్బులు అమ్ముతాయి కాబట్టి ఒక్కో అంచెలో 1,800 చొప్పున 5,400 బల్బులు ఉండాలి. నేను లెక్కపెట్టిన రోజున 5,140 ఉన్నాయి. అదే నెలలో 360 షాపు-రోజులకు (12 షాపులు, 30 రోజులు) 41 రోజులు ఏదో ఒక షాపులో బల్బు సున్నా. దాదాపు నలభై మూడు రోజుల సరుకు పెట్టుకుని కూడా, తొమ్మిది షాపు-రోజులకు ఒకటి ఖాళీ.

కొలతల్లో రెండు తప్పులు చేశాను.

మొదటిది: అమ్మకాన్నే గిరాకీ అనుకున్నాను. అమ్మకాల పుస్తకంలో షాపుకు రోజుకు సగటు 8.9 వచ్చింది. సరుకు లేని రోజున అమ్మకం సున్నా అని రాసి ఉంది. అడిగినవాళ్లు లేరా? ఉన్నారు, పక్క కొట్టుకు పోయారు. ఆ 41 రోజులనూ సున్నాగా కాక ఖాళీ గడిగా వదిలేస్తే సగటు 10కి వచ్చింది. రోజువారీ ఊగిసలాట, అంటే స్టాండర్డ్ డీవియేషన్, షాపుకు 4.

రెండో తప్పు ఇంకా పెద్దది. డిపో స్థాయి ఊగిసలాటను డిపో నుంచి వ్యాన్‌లో వెళ్లిన సరుకు పుస్తకంలోంచి తీశాను. రోజుకు 26 వచ్చింది. నాలుగు షాపులు రోజుకు 40 అమ్మే చోట 26 ఊగడం ఏమిటి? బల్బులు 20 చొప్పున పెట్టెల్లో వెళ్తాయి. పైగా షాపువాడు భయపడ్డ వారం మూడు పెట్టెలు అడుగుతాడు, మర్నాడు అసలు అడగడు. ఆ 26లో జనం గిరాకీ కన్నా మా పెట్టెలూ షాపువాడి భయమూ ఎక్కువ. డిపో ఎంత పంపిందన్నది కాదు, కింద షాపుల్లో ఎంత అడిగారన్నదే కొలవాలి. ఇలా చేశాను:

1. నాలుగు షాపుల రోజువారీ అమ్మకాలను పక్కపక్కన నిలువు వరుసల్లో పెట్టాను.
2. అడ్డంగా కూడి రోజుకో మొత్తం తీశాను.
3. ఆ మొత్తాలకు స్టాండర్డ్ డీవియేషన్ తీశాను.
4. పన్నెండు షాపులకూ అదే చేశాను.

డిపోకు 12.65, బరంపురానికి 22 వచ్చాయి. ఈ రెండు అంకెల ఘనత తర్వాత తెలిసింది, దశ 3లో చెబుతాను.

కాలాలు కూడా రాసుకున్నాను. డిపో వ్యాన్ షాపుకు మూడు రోజులకోసారి వెళ్తుంది, సర్దడానికి ఒక రోజు: మొత్తం 4. బరంపురం లారీ డిపోకు ఎక్కువలో ఎక్కువ నాలుగు రోజుల ఎడంతో బయల్దేరుతుంది, దారి ఒక రోజు: 5. కంపెనీకి ఆర్డరు వారానికోసారి, అక్కడి నుంచి తొమ్మిది రోజులు: 16.

*ఇప్పటివరకు లెక్క: బల్బులు 5,140. ఖాళీ రోజులు 360కి 41.*

దశ 2: తొందరపడి చేసిన మార్పు (వారం 5 నుంచి 7)

మూడు డిపోల్లో విడివిడిగా ఉన్న రక్షణ సరుకును, అంటే మామూలు కన్నా ఎక్కువ అడిగినా చాలేలా అదనంగా ఉంచే సరుకును, ఒకేచోట పెడితే తక్కువ సరిపోతుందని ఎక్కడో చదివాను. ఒక డిపోలో ఎక్కువ అడిగితే ఇంకో డిపోలో తక్కువ అడగొచ్చు, ఊగిసలాటలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మూడు సమానమైన, ఒకదానితో ఒకటి సంబంధం లేని డిపోలకు రక్షణ సరుకు ఒక డిపోకు కావాల్సినదానికి మూడింతలు కాక మూడు వర్గమూలం, అంటే 1.73 ఇంతలు చాలు. మాట నిజమే. అయితే అది మాటలో సగమే.

డిపోల్లోని బల్బులన్నీ బరంపురం తెప్పించేశాను. రాయగడ డిపో చూసే మా బాబాయి ఫోన్ చేశారు. "ఏటి బాబూ, నా గోడౌనే ఖాళీ చేసేస్తావేటి? రేపు షాపోడొచ్చి అడిగితే నేనేటి సెప్పాల?" అన్నారు. "బరంపురంలో ఉంటాయి బాబాయ్" అన్నాను.

అదే రోజు షాపుల స్థాయి కూడా మార్చాను. నాలుగు రోజుల గిరాకీ 40, దానిపై 95 శాతం రక్షణకు, అంటే నూటికి 95 సార్లు సరుకు చాలేలా, 13, మొత్తం 53 అని ప్రతి షాపుకూ కొత్త స్థాయి పెట్టాను.

మూడు వారాల్లో 252 షాపు-రోజులకు 46 ఖాళీ. పాతదానికన్నా ఘోరం. మునిగుడ షాపులో పదకొండు రోజులు బల్బు లేదు. అప్పుడు బరంపురంలో చూస్తే మాత్రం పెట్టెల మీద పెట్టెలు.

ఎక్కడ తప్పింది? 53లో ఉన్న నాలుగు రోజులు "డిపోలో సరుకు సిద్ధంగా ఉంది" అన్న నమ్మకం మీద వేసిన లెక్క. డిపో ఖాళీ చేశాక షాపు అడిగిన బల్బు బరంపురం నుంచి లారీలో డిపోకు వచ్చి, అక్కడి నుంచి వ్యాన్‌లో వెళ్లాలి. నాలుగు కాదు, తొమ్మిది రోజులు. డిపోలో రక్షణ తీసేసి షాపులో పెంచలేదు. బాబాయికి ఈసారి నేనే ఫోన్ చేశాను. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయను.

*ఇప్పటివరకు లెక్క: బల్బులు 3,900. ఖాళీ రోజులు 252కి 46.*

దశ 3: నాలుగు దారులు (వారం 8)

ఈసారి లెక్క ముందు, లారీ తర్వాత. వాడిన పద్ధతి పాతదే. 1958లో కెన్నెత్ సింప్సన్ వరుస అంచెల సరుకుకు రాశాడు, 2000లో గ్రేవ్స్, విలెమ్స్ దాన్ని కొమ్మలుగా చీలే సరఫరాకు విస్తరించారు. దాని ప్రాణం ఒక్క ప్రశ్న: ఈ అంచె తన కింది అంచెకు ఎన్ని రోజుల్లో ఇస్తానని మాట ఇస్తుంది?

ఒక అంచెకు పై నుంచి సరుకు వచ్చే మాట కాలం, దానికి సొంత కాలం కలిపి, అది కిందికి ఇచ్చిన మాట కాలం తీసేస్తే మిగిలినన్ని రోజులకే రక్షణ సరుకు కావాలి. బరంపురం మాట సున్నా రోజులు అనుకుందాం. డిపో "వెంటనే ఇస్తాను" అంటే 0+5−0, ఐదు రోజుల రక్షణ డిపోలో ఉండాలి. "ఐదు రోజుల్లో ఇస్తాను" అంటే 0+5−5, డిపోలో ఏమీ అక్కర్లేదు. అయితే ఆ ఐదు రోజులూ షాపు నెత్తిన పడతాయి. సింప్సన్ తేల్చిన ఇంకో సంగతి మా పని తేలిక చేసింది: మధ్యస్థపు మాటలు లాభం లేదు. ఒక అంచె పూర్తిగా రక్షణ పెట్టుకోవాలి, లేదా అసలు పెట్టుకోకూడదు. రక్షణ సరుకు రోజుల వర్గమూలం ప్రకారం పెరుగుతుంది, ఆ గీత వంగే తీరు వల్ల సగంసగం ఎప్పుడూ మంచి జవాబు కాదు. షాపు ఎప్పుడూ వెంటనే ఇవ్వాలి కాబట్టి మాకు మిగిలినవి నాలుగే దారులు.

షీట్‌లో పెట్టిన సూత్రం ఇది. B సగటు, C ఊగిసలాట, D పై అంచె మాట, E సొంత కాలం, F కిందికిచ్చిన మాట, 1.65 అన్నది 95 శాతం రక్షణకు వాడే గుణకం:

```
=ROUND(B2*(D2+E2-F2)+1.65*C2*SQRT(D2+E2-F2),0)
```

మొదట షాపులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుని (డిపోకు ఊగిసలాట 8, బరంపురానికి సుమారు 14) రక్షణ సరుకు మొత్తాలు వేశాను:

* మూడు అంచెల్లోనూ పెడితే 338
* డిపోలో లేకుండా, బరంపురంలోనూ షాపుల్లోనూ పెడితే 329
* బరంపురంలో లేకుండా, డిపోలోనూ షాపుల్లోనూ పెడితే 340
* షాపుల్లో మాత్రమే పెడితే 396

మొదటి మూడింటికీ తేడా లేదు. ఇంత హడావిడి దీనికా అనిపించింది. అప్పుడు దశ 1లోని 12.65 గుర్తొచ్చింది.

షాపులకు సంబంధం లేకపోతే డిపో ఊగిసలాట 4×√4, అంటే 8 ఉండాలి. కొలిచింది 12.65. ఒక డిపో కింది షాపులు కలిసి ఊగుతున్నాయని దాని అర్థం. ఒక్కో జతకు సహసంబంధం సుమారు 0.5. కారణం వెతకాల్సిన పని లేదు. సాయంత్రం గాలివాన వచ్చి ఓల్టేజీ ఎగిసిందంటే ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలోనూ బల్బులు పోతాయి. రాయగడలో మజ్జి గౌరమ్మ జాతర వచ్చిందంటే మునిగుడలోనూ అమ్మకం పెరుగుతుంది. కానీ ఆ గాలివాన జయపురంలో రాదు. బరంపురానికి కొలిచిన 22, 12.65×√3కు దాదాపు సమానం: డిపోల మధ్య సంబంధం లేదు.

అంటే కోసుకోవడం డిపోలో సరిగ్గా జరగదు, బరంపురంలో జరుగుతుంది. కొలిచిన అంకెలతో మళ్లీ వేశాను:

* మూడు అంచెల్లోనూ: 158 + 140 + 145 = 443
* డిపో లేకుండా: షాపుల్లో 238, బరంపురంలో 145, మొత్తం 383
* బరంపురం లేకుండా: 445
* షాపుల్లో మాత్రమే: 396

ఇప్పుడు తేడా కనబడింది. బల్బుకు డిపోలో రక్షణ పెట్టడం అంటే 60 బల్బులు వృథాగా దాచడం. షాపులో ఒక బల్బు ఉంచడం గోడౌన్‌లో కన్నా ఖరీదు (చోటు, పగలడం, దుమ్ము); దాన్ని బరంపురానికి 1, డిపోకు 1.1, షాపుకు 1.3గా తూచి చూసినా ఇదే దారి గెలిచింది. దశ 2లో డిపోలు ఖాళీ చేయడం సరైన పనే. షాపుల్లో చేయాల్సిన రెండో సగం చేయలేదు, అంతే.

దశ 4: మళ్లీ మార్పు, మళ్లీ తప్పు (వారం 9 నుంచి 11)

షాపు స్థాయి తొమ్మిది రోజులకు 90, రక్షణ 20, మొత్తం 110. రక్షణ సరిగ్గా ఒక పెట్టె కావడం అదృష్టం. షాపులో "చివరి పెట్టె తెరిస్తే ఫోన్ చెయ్యండి" అని చెప్పడం తేలికైంది. డిపోలో బల్బు ఆగదు. బరంపురంలోనే పెట్టె మీద షాపు పేరు రాసి పంపుతాం, డిపోలో లారీ నుంచి వ్యాన్‌లోకి మారుతుందంతే.

వారం 10లో గుణుపురం షాపు నుంచి వరసగా మూడు ఆర్డర్లు, ఒక్కోటి 60. అక్కడ అమ్మకం మాత్రం మామూలే. షాపు పుస్తకం చూశాక అర్థమైంది: 110లోంచి షెల్ఫ్ మీద ఉన్న 50 తీసేసి 60 అడిగారు. మూడు రోజుల తర్వాత, దారిలో 60 ఉన్నా, షెల్ఫ్ చూసి మళ్లీ అడిగారు. 110 అన్నది షెల్ఫ్ మీద ఉండాల్సిన లెక్క కాదు. షెల్ఫ్ మీద ఉన్నదీ దారిలో ఉన్నదీ కలిపిన లెక్క. ఈ ముక్క నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

బాగు చేసిన తీరు:

1. షాపులు అంకెలు అడగడం ఆపించాను. రోజు ముగిసేసరికి ఎన్ని అమ్మారో మాత్రం పంపుతారు.
2. అమ్మినన్నే బరంపురం నుంచి వెళ్తాయి, పెట్టె నిండే దాకా షీట్‌లో జమ అవుతాయి.
3. ఆదివారం షెల్ఫ్ లెక్కను షీట్‌తో సరిపోల్చుతాం. మొదటి వారం పన్నెండింటిలో ఐదు షాపుల్లో తేడా వచ్చింది, ఎక్కువగా మార్పిడికి వచ్చిన బల్బులు.

*ఇప్పటివరకు లెక్క: బల్బులు 2,300. ఖాళీ రోజులు 252కి 19.*

దశ 5: జయపురం వానలు (వారం 12)

ఘాట్ రోడ్డులో రాళ్లు జారి లారీ ఒకసారి మూడు రోజులు ఆలస్యమైంది. లెక్క దారి ఒక రోజే అనుకుంది. జయపురం డిపో నుంచి వెంటనే అర్జీ: ఇక్కడైనా కొంత సరుకు ఆపుకోనివ్వండి. న్యాయంగానే తోచింది, అయినా లెక్క వేశాను.

ఆలస్యం ఊగిసలాట 1.5 రోజులు అనుకుంటే, షాపులో తొమ్మిది రోజుల ఊగిసలాట √(144+225), అంటే 19. రక్షణ 32 బల్బులు, నాలుగు షాపులకు 127. డిపోలో పెడితే √(800+3,600), అంటే 66. రక్షణ 109, దానిపై నాలుగు షాపుల మామూలు రక్షణ 53 కలిపి 162. వానలోనూ డిపోలో ఆపడమే ఎక్కువ ఖర్చు. లారీ ఆలస్యం నాలుగు షాపులకూ ఒకేసారి తగులుతుంది కాబట్టి కలిపి పెట్టినా కోసుకునేదేమీ లేదు. వానల నెలల్లో జయపురం కింది షాపులకు రక్షణ ఒక పెట్టె బదులు రెండు పెట్టాను. 32 చాలు, కానీ పెట్టెను కొయ్యలేం.

కంపెనీ తొమ్మిది రోజుల మాట కూడా ఒకసారి పద్నాలుగైంది. దానికి బరంపురంలో అదనంగా ఐదు రోజుల సరుకు, 600 బల్బులు, ఉంచాను. కాగితం మీద లెక్క కన్నా చివరికి ఎక్కువ, అన్నిచోట్లా కలిపి 1,860, ఉండటానికి పెద్ద కారణం ఇదే.

దశ 6: పంపు, సరిగ్గా తలకిందులు (వారం 13 నుంచి 15)

బల్బుకు నచ్చిన దారి పంపుకూ పెట్టబోయాను. మంచిదైంది, ముందు లెక్క వేశాను. షాపుకు రెండేసి 24, డిపోకు నాలుగేసి 12, మొత్తం 36 పంపులు ఉన్నాయి. ఒక్కోటి మాకు 6,500 రూపాయలు.

నెమ్మదిగా కదిలేదానికి వర్గమూలం సూత్రం పనికిరాదు. చిన్న పూర్ణాంకాలకు పాసాన్ పట్టిక, అంటే అరుదుగా జరిగేది ఎన్నిసార్లు జరగొచ్చో చెప్పే పట్టిక, చూడాలి. షాపులో తొమ్మిది రోజుల సగటు గిరాకీ 0.45. ఒక్క పంపు ఉంచితే 92 శాతమే, రెండు ఉంచితే 99. అంటే డిపో లేకుండా షాపుల్లోనే పెడితే 24 కావాలి.

పంపు కొనేవాడు బల్బు కొనేవాడిలా కాదు. ఒక నెలపాటు షాపుల్లో రాయించాను: పంపు లేదంటే ఎన్ని రోజులు ఆగుతారు? 19 మందిలో 15 మంది నాలుగు రోజులు ఆగుతామన్నారు. షాపు వెంటనే కాక నాలుగు రోజుల్లో ఇస్తానని మాట ఇవ్వొచ్చన్నమాట. అప్పుడు షాపు రక్షణ 0+4−4, సున్నా. డిపోలో ఉంటే చాలు. డిపోకు ఐదు రోజుల సగటు 1. మూడు పంపులు ఉంచితే అవి చాలని అవకాశం వందకు 98. మూడు డిపోలకు 9.

షాపువాళ్లు ఒప్పుకోలేదు. "ముక్క సూడకుండా ఎవడు కొంటాడు బాబూ?" అని పర్లాకిమిడి కింది షాపాయన అడిగారు. నిజమే. నాలుగు పెద్ద షాపుల్లో చూపించడానికి ఒక్కోటి ఉంచాం. మొత్తం 13. చూపించేది అమ్మాల్సి వస్తే అమ్మొచ్చు, కానీ రక్షణ లెక్కలోకి రాదు.

ఈ లెక్క రబీలో చెల్లదు. పంట నీటి కోసం చూస్తుంటే నాలుగు రోజులు ఎవరూ ఆగరు. ఆ రెండు నెలలు షాపుకొక పంపు పంపాలి, అది ఇంకా చేయలేదు.

*ఇప్పటివరకు లెక్క (చివరి 30 రోజులు): బల్బులు 5,140 నుంచి 1,860. పంపులు (డిపోలు, షాపులు) 36 నుంచి 13. విడుదలైన డబ్బు బల్బు 70 చొప్పున 2,29,600, పంపులకు 1,49,500, మొత్తం 3,79,100 రూపాయలు. బల్బు ఖాళీ రోజులు 360కి 13.*

ఆ 13లో 8 రోజులు జయపురం కింద ఒక్క షాపువే. అక్కడ ఆదివారం లెక్క వరసగా మూడు వారాలు రాలేదు.

వచ్చే వారం పని: స్టార్టర్లు, కెపాసిటర్లు. ముందు అడగాల్సింది ఒకటే, కొనేవాడు ఎన్ని రోజులు ఆగుతాడు. షాపులకు నోటు పుస్తకాలు పంపాను. రాయగడ డిపోలో బల్బుల చోట ఇప్పుడు మూడు పంపులున్నాయి. మిగతా చోటులో బాబాయి మంచం వేసుకున్నారు.